చెప్పాను కదా వదినా!

మా అమ్మాయి ఉద్యోగంలో చేరి ఏడాదైంది. ఒకరోజు సాయంత్రం వచ్చి బ్యాగు సోఫాలో పడేసి, "అమ్మా, ఈ రోజు మా లీడ్ నాకు యాజ్ పర్ మై లాస్ట్ మెసేజ్ అని పెట్టింది. అదీ పదిమంది ఉన్న మెయిల్లో" అంది. గొంతు చూస్తే ఎవరో చెంప మీద కొట్టినట్టుంది.

నాకు అర్థం కాలేదు. నా లెక్కలో అదేమీ తిట్టు కాదు. 'నా కిందటి సందేశంలో చెప్పిన ప్రకారం' అని. ఎంత మర్యాదగా ఉంది! అదే మాట దానితో అన్నాను. అది నన్ను జాలిగా చూసి, "అమ్మా, దానర్థం 'నీకు చదవడం రాదా?' అని. ఆఫీసులో అందరికీ తెలుసు" అంది.

కాఫీ కలుపుతూ ఆలోచిస్తే నవ్వొచ్చింది. ఈ మాట నాకెందుకు తెలియదు? ఇంగ్లీషులో తెలియదంతే. తెలుగులో నేను దాన్ని రోజుకి రెండుసార్లు వాడతాను. "పైన పెట్టాను కదా, చూడండి." "నిన్ననే చెప్పాను." "గ్రూపులో ఉంది." పాలవాడికి, మా వారికి, పిల్లలకి, బంధువులకి. ఒక్కసారి మా పెద్ద ఆడపడుచుకి కూడా వాడాను. దాని కథ తర్వాత చెబుతాను, ఎందుకంటే అది నాకు ఖరీదు పడింది.

అసలు ఈ 'ప్రకారం' మాట ఎక్కడిదో చూడండి. ప్రభుత్వ ఆఫీసు ఉత్తరం ఎప్పుడైనా చేతికొస్తే గమనించండి. పైన 'విషయం' అని ఒక లైను, దాని కింద 'సూచిక' అని ఇంకో లైను ఉంటాయి. సూచికలో ఇంతకు ముందు రాసిన ఉత్తరాల నంబర్లు, తేదీలు రాస్తారు. అది అవసరమే. అక్కడ ఉత్తరం అందుకునేది మనిషి కాదు, ఫైలు. ఈ రోజు ఉన్న గుమాస్తా రేపు బదిలీ అయిపోతాడు, కొత్తగా వచ్చినవాడికి పాత కాగితం వెతుక్కోవడానికి ఆ నంబరు కావాలి. ఇంట్లో అలా కాదు. నా ఆడపడుచు ఎక్కడికీ బదిలీ కాలేదు. ఆవిడకి ఫైలు లేదు, నంబరు లేదు. ఆవిడకి నేను సూచిక ఇచ్చానంటే వెతుక్కోవడానికి ఇచ్చినట్టు కాదు. 'ఇదిగో సాక్ష్యం, తప్పు నాది కాదు' అని ఇచ్చినట్టు.

మన పాత ఉత్తరాలు గుర్తున్నాయా? మా అమ్మమ్మకి వచ్చిన కార్డులు నేనే చదివి పెట్టేదాన్ని. 'ఉభయకుశలోపరి' అయ్యాక, 'మీరు రాసిన ఉత్తరం అందింది, సంగతులు తెలిశాయి' అని ఉండేది. వాటిలోనూ కిందటి ఉత్తరం ప్రస్తావన ఉంది చూడండి. కానీ అది ఎదుటివాళ్ళు రాసిన ఉత్తరం. 'మీ మాట నాకు చేరింది' అని చెప్పడం. ఇప్పుడు మనం చేస్తున్నది దానికి తలకిందులు: 'నా మాట మీకు ఎందుకు చేరలేదు?' అని అడగడం.

దీన్ని ఇంగ్లీషులో పాసివ్ అగ్రెసివ్ అంటారని మా అమ్మాయి చెప్పింది. పైకి శాంతం, లోపల కోపం అన్నమాట. మనకి ఈ గుణానికి మాటల కొరతా! ఎత్తిపొడుపు, దెప్పిపొడుపు, సాధింపు, నిష్ఠూరం, మూతి విరుపు... ఉమ్మడి కుటుంబాల్లో పుట్టిన భాష కదా మరి. ఇవన్నీ ఒకటి కావు. నిష్ఠూరం దగ్గరితనం కోరుకునేవాళ్ళు ఆడేది. "మమ్మల్ని మర్చిపోయావులే" అంటే, రావమ్మా అని అర్థం. వెటకారంలో కనీసం నవ్వు ఉంటుంది. దెప్పడం అలా కాదు. దెప్పడానికి ఎప్పుడూ ఒక గతం కావాలి. అయిపోయినదాన్ని తీసుకొచ్చి మళ్ళీ ముందు పెట్టడమే దెప్పడం. 'అప్పుడే చెప్పాను', 'నేను ముందే అన్నాను', 'ఆ రోజు వింటే కదా'. యాజ్ పర్ మై లాస్ట్ మెసేజ్‌కి సరైన తెలుగు ఏమిటని నన్నడిగితే, దెప్పిపొడుపు అంటాను. సూటూ బూటూ వేసుకున్న దెప్పిపొడుపు.

బి.ఏ.లో నేను తెలుగు చదివాను. వ్యాకరణం పరీక్షకి ముందు రాత్రి ఏడ్చినదాన్నే కానీ, ఇలాంటప్పుడు అది పనికొస్తుంది. 'ముందు చెప్పాను' అంటే ఒట్టి సమాచారం. 'ముందే చెప్పాను' అంటే ఆ చివరున్న 'ఏ' వేలు చూపిస్తుంది. మా మాస్టారు దాన్ని అవధారణ అనేవారు, అంటే నొక్కి చెప్పడం. నిన్న, నిన్ననే. పైన, పైనే. నేను, నేనే. ఒక్క అక్షరం. మెసేజ్‌లో ఆ ఒక్క అక్షరాన్ని తీసేస్తే సగం ముల్లు ఊడిపోతుంది.

ఇక 'కదా'. ఇది మన భాషలో ఎంత ముద్దొచ్చే మాటో అంత ప్రమాదం. "రేపు వస్తున్నావు కదా" అంటే ప్రేమ. "అన్నం తిన్నావు కదా" అంటే పట్టింపు. అదే 'కదా'ని "చెప్పాను" పక్కన పెట్టండి. "చెప్పాను కదా." కోర్టులో బోను ఎక్కినట్టు లేదూ? కదా అన్నప్పుడల్లా మనం 'ఇది నీకూ తెలిసిందే' అని అంటున్నాం. ఎదుటి మనిషి గురించి అంటే 'నీ సంగతి నాకు తెలుసు' అనే ఆప్యాయత. నా గురించి, అదీ జరిగిపోయినదాని గురించి అంటే 'నీకు తెలిసీ అడుగుతున్నావు' అనే నింద. నోటితో అంటే గొంతు దాన్ని కాపాడుతుంది. "చెప్పాను కదమ్మా..." అని సాగదీసి, నవ్వి, మళ్ళీ చెప్పేస్తాం. రాతలో సాగదీత ఉండదు, నవ్వు ఉండదు, నల్లటి అక్షరాలు మాత్రం మిగులుతాయి. చివర దండం బొమ్మ పెడితే సరిపోతుందనుకుంటాం. నా అనుభవంలో ఆ దండం ఇంకా మంట పెడుతుంది.

మూడోది 'గలరు'. గమనించగలరు, చూడగలరు, సహకరించగలరు. ఇది నోటీసుబోర్డు భాష. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో 'మెయింటెనెన్స్ 10వ తేదీ లోపు చెల్లించగలరు' అని అంటిస్తారు. అక్కడ బాగానే ఉంటుంది, అందరికీ కలిపి చెప్పేది కాబట్టి. ఒకే ఒక్క మనిషికి, అందులోనూ మనింటి మనిషికి 'చూడగలరు' అని రాస్తే, మనం వాళ్ళతో మాట్లాడటం మానేసి వాళ్ళ తలుపుకి కాగితం అంటించినట్టు. తెలుగువాళ్ళకి కోపం వస్తే మర్యాద పెరుగుతుంది, మీరు గమనించారా? మా ఇంట్లో మామూలు రోజుల్లో మా వారిని "ఏవండీ" అంటాను. "తమరికి పొద్దున్నే మెసేజ్ పెట్టడం జరిగింది" అన్నానంటే ఆయన కూరల సంచి పట్టుకుని వెంటనే లేస్తారు. "పెట్టాను" అనకుండా "పెట్టడం జరిగింది" అన్నానంటే, పెట్టిన మనిషి మాయమై పెట్టిన నేరం మాత్రం మిగిలిందన్నమాట.

ఇప్పుడు ఆ ఆడపడుచు కథ.

మూడేళ్ళ కిందట హైదరాబాద్‌లో మేము ఫ్లాట్ కొనుక్కున్నాం. గృహప్రవేశం ముహూర్తం తెల్లవారుజామున 4 గంటల 35 నిమిషాలకి కుదిరింది. మా వదిన, అంటే మా వారి అక్కగారు, రాజమండ్రిలో ఉంటారు. మా ఇళ్ళల్లో గృహప్రవేశంలో పాలు పొంగించేది ఆడపడుచే. ఆవిడ లేకుండా ఆ పని లేదు. ఇది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి నేను ప్రత్యేకంగా చెప్పలేదు. కుటుంబం గ్రూపులో ముహూర్తం, అడ్రసు, మ్యాపు అన్నీ ఒకే మెసేజ్‌గా పెట్టాను. ఎంత శుభ్రంగా పెట్టానో! నాకు నేనే మెచ్చుకున్నాను.

నాలుగు రోజులకి వదిన గ్రూపులో "ముహూర్తం ఎన్నింటికమ్మా?" అని అడిగారు. "4.35కి వదినా" అన్నాను. మళ్ళీ రెండు రోజులకి "తెల్లవారుజామునా, సాయంత్రమా?" అన్నారు. "తెల్లవారుజామున" అన్నాను. ఇంకో వారానికి, నేను వంటవాళ్ళతో ఆకుల లెక్క గురించి తలపట్టుకుని కూర్చున్న సమయంలో, "ఇంతకీ ముహూర్తం ఎన్నింటికన్నావు?" అని వచ్చింది. నేను రాసింది మాట మార్చకుండా చెబుతున్నాను: "పైన పెట్టాను కదా వదినా, చూడగలరు." చివర దండం.

ముప్పై ఏడుగురున్న గ్రూపు. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. నేను పట్టించుకోలేదు.

గృహప్రవేశం రోజు వదిన సరిగ్గా 4.20కి వచ్చారు, కూకట్‌పల్లిలో వాళ్ళ చిన్నత్తగారింటి నుంచి ఆటోలో. పట్టుచీర కట్టుకుని, చేతిలో గిఫ్టు ప్యాకెట్టుతో, వచ్చినవాళ్ళందరితో పాటు కుర్చీలో కూర్చున్నారు. పంతులుగారు "ఆడపడుచు గారు రండి" అన్నారు. కదల్లేదు. నేను వెళ్ళి, "వదినా, పాలు పొంగించాలి, లేవండి" అన్నాను. ఆవిడ చాలా మెల్లగా అన్నారు: "పైన పెట్టినవన్నీ చదివానమ్మా. అందులో పాలు పొంగించమని లేదు కదా?"

నిలువునా చల్లబడిపోయాను. మా వారు వచ్చి "అక్కా" అని చెయ్యి పట్టుకున్నాక లేచారు. పాలు పొంగాయి. ఫొటోలో అందరం నవ్వుతూనే ఉన్నాం. కానీ తర్వాత ఏడెనిమిది నెలలు ఆవిడ నా మెసేజ్‌లకి 'సరే' అన్న రెండక్షరాలు తప్ప రాయలేదు. ఫోను చేస్తే "తమ్ముడికివ్వు" అనేవారు.

ఆవిడ అడిగింది ముహూర్తం కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. లెక్క వేయండి. రాజమండ్రిలో రాత్రి బండెక్కితే ఇక్కడ దిగేది పొద్దున్నే. ముహూర్తం తెల్లవారుజామున 4.35కి. ఆ బండికి వస్తే ముహూర్తం దాటిపోతుంది. అంటే ఆవిడ ముందు రోజే వచ్చి ఎక్కడో ఒకచోట ఆ రాత్రి ఉండాలి. అప్పటికి మా అద్దె ఇంట్లో మా అమ్మావాళ్ళు, మా అన్నయ్యవాళ్ళు దిగి ఉన్నారు, ఆ సంగతి ఆవిడకి తెలుసు. కొత్తింట్లో చాప కూడా లేదు. 'నేను ముందు రోజు వచ్చేదా? వస్తే ఎక్కడుండాలి?' అని నోరు తెరిచి అడగడం ఆవిడకి నామోషీ. తమ్ముడింటికి రావడానికి అక్క చోటు అడుక్కోవాలా? అందుకే ముహూర్తం అడిగారు. నేను "4.35కి వదినా, ముందు రోజు పొద్దునకే వచ్చేయండి, మా మంచం మీకే" అంటానని మూడుసార్లు అవకాశం ఇచ్చారు. మూడుసార్లూ నేను గడియారం చెప్పాను. మూడోసారి గడియారం కూడా చెప్పలేదు.

అప్పటి నుంచి ఎవరైనా తెలిసినదాన్నే మళ్ళీ అడిగితే నాకు మొదట తోచేది ఒకటే. వీళ్ళు చదవలేదా, లేక చదివి ఇంకేదైనా అడుగుతున్నారా? పెళ్ళి పిలుపుల్లో ఇది ఎక్కువ. బొట్టు పెట్టి పిలవాల్సిన చోట కార్డు ఫొటో పెట్టేసి, "కార్డు పంపాను కదా" అంటాం. వాళ్ళు అడిగేది హాలు పేరు కాదు, పిలుపు.

నిజంగా చదవనివాళ్ళూ ఉంటారు. వాళ్ళని కూడా తప్పు పట్టలేం. మా గ్రూపులో పొద్దున ఏడింటికల్లా శుభోదయాలు, పువ్వులు, సూక్తులు కలిపి పాతిక పడతాయి. నా మెసేజ్ నాలుగు రోజుల కిందటిది. వేలితో పైకి తోస్తూ పోతే ఎన్ని గులాబీలు దాటాలి? మా పెద్దమావయ్యకి శుక్లాల ఆపరేషన్ అయింది. ఆయన్ని 'పైన చూడండి' అనడం, పెరట్లో పడిపోయిన సూది వెతుక్కోమనడం ఒకటే.

మరి ఏమనాలి? నేను ఇప్పుడు చేసేది చాలా చిన్న పని. గతాన్ని వదిలేసి, విషయాన్నే మళ్ళీ చెబుతాను, మొదటిసారి చెబుతున్నట్టు. "పైన పెట్టాను కదా వదినా, చూడగలరు" అని రాయడానికి పట్టే టైములో "4.35కి వదినా, తెల్లవారుజామున" అని రాయొచ్చు. అక్షరాలు లెక్కపెట్టుకోండి, రెండోదే తక్కువ. అంటే నేను ఆ రోజు టైము మిగుల్చుకోలేదు. కష్టపడి, ఎక్కువ అక్షరాలు కొట్టి మరీ దెప్పాను! ఆ సంగతి తెలిశాక నాకు సిగ్గేసింది.

రెండోది, సమాచారం పక్కన మనిషికి సంబంధించిన ముక్క ఒకటి చేరుస్తాను. టైము ఒక్కటే రాస్తే రైల్వే అనౌన్స్‌మెంట్‌లా ఉంటుంది. "12న మధ్యాహ్నం భోజనాలు పిన్నీ, బాబాయికి ఉప్పు తక్కువ కూర విడిగా చేయిస్తున్నా" అంటే, ఆవిడ మూడోసారి అడిగినందుకు నేను విసుక్కోలేదని చెప్పనక్కర్లేకుండానే తెలుస్తుంది.

జవాబు ఇవ్వనివాళ్ళది వేరే సంగతి. వంటవాళ్ళకి ఆకులు చెప్పాలి, ఎంతమంది వస్తారో తెలియాలి. "నిన్ననే అడిగాను, ఇంకా ఎవరూ చెప్పలేదు" అని గ్రూపులో పెడితే ఏమవుతుంది? జవాబు ఇచ్చినవాళ్ళు కూడా నొచ్చుకుంటారు, ఇవ్వనివాళ్ళు ఇంకా దాక్కుంటారు. "కొంతమందికి మెసేజ్‌లు చదివే తీరిక లేదు" అనే రకం ఇంకా ఘోరం. ఆ 'కొంతమంది' ఎవరో అందరికీ తెలుసు, పైగా ప్రతివాళ్ళూ తామేనేమో అనుకుంటారు. నేనిప్పుడు విడిగా ఒక్కొక్కరికి పెడతాను: "అత్తయ్యా, మీ ఇంటి నుంచి ముగ్గురా నలుగురా? ఈ సాయంత్రం వంటవాళ్ళకి లెక్క చెప్పాలి." ఒక అంకె కొడితే సరిపోయే ప్రశ్న, ఎందుకు తొందరో ఒక కారణం. అందులో 'ఇంకా' లేదు, 'నిన్ననే' లేదు. పది నిమిషాల్లో '4' అని వస్తుంది. రాకపోతే ఫోను చేస్తాను. పెద్దవాళ్ళకి అసలు ఫోనే నయం.

"నేను సరిగ్గా చెప్పలేదేమో" అని మన మీద వేసుకోమని కొందరు చెబుతారు. జాగ్రత్త. అది నిజమైతేనే అనాలి. నిజంగా నా మెసేజ్‌లో తెల్లవారుజామా సాయంత్రమా రాయలేదు, ఆ తప్పు నాదే, అక్కడ అంటే బాగుండేది. శుభ్రంగా చెప్పి కూడా "నేనే సరిగ్గా చెప్పలేదులెండి" అంటే, ఆ 'లెండి' ఒక్కటి చాలు ఇంకో ఆర్నెల్లు మాటల్లేకుండా పోవడానికి. దానికన్నా "గ్రూపులో కిందకి పోయినట్టుంది, మళ్ళీ పెడుతున్నా" మేలు. తప్పు నాదీ కాదు, వాళ్ళదీ కాదు, గులాబీలది. ఇప్పుడు గ్రూపులో ముఖ్యమైన మెసేజ్‌ని పైన పిన్ చేసే వీలుంది. ఒకరోజు, వారం, నెల, వీటిలో ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. అయినా పిన్ చేశాక "పిన్ చేశాను కదా" అంటే మళ్ళీ మొదటికే వస్తాం!

గతం చెప్పక తప్పని చోట్లు కూడా ఉన్నాయి. డబ్బు, మందులు, తేదీలు. బ్లౌజులు కుట్టే ఆవిడ శనివారం ఇస్తానంది, సోమవారమైంది, మంగళవారం పెళ్ళి. నేను మొదట రాసుకున్నది: "శనివారమే ఇస్తానన్నారు కదా, ఇంకా ఇవ్వలేదు." చదివి చూసుకుంటే ఆవిడ దీనికి చెప్పగలిగిందల్లా ఒక సాకు. కరెంటు పోయింది, హెల్పర్ రాలేదు. నేనే సాకు అడిగినట్టుంది. మార్చి రాశాను: "శనివారానికి అనుకున్న రెండు బ్లౌజులు రేపు పొద్దున పెళ్ళికి కట్టుకోవాలి. ఈ రాత్రి ఎనిమిదికి వస్తే ఒకటైనా అవుతుందా?" శనివారం అందులోనూ ఉంది, దాచలేదు. కానీ 'మీరు అన్నారు' పోయి 'అనుకున్న' అయింది, వాక్యం శనివారం దగ్గర ఆగకుండా రాత్రి ఎనిమిదికి వెళ్ళింది. ఆవిడ "ఆకుపచ్చది అవుతుంది, ఎర్రది హుక్కులు మీరు వేసుకోవాలి" అంది. హుక్కులు నేనే వేసుకున్నాను, తిట్టుకుంటూనే.

ఇది మా చెల్లెలికి చెబితే ఒంటికాలి మీద లేచింది. "ఇంట్లో అందరికీ అన్నీ గుర్తు చేసేది మనం, పదిసార్లు చెప్పేది మనం, పైగా తియ్యగా చెప్పాల్సింది కూడా మనమేనా? మగవాళ్ళెవరైనా ఇలా వాక్యాలు దిద్దుకుంటారా?" అంది. దాని మాటలో అబద్ధం లేదు. ముప్పై ఏడుగురి గ్రూపులో వివరాలన్నీ పెట్టేది ఎప్పుడూ ఆడవాళ్ళే, 'ఎన్నింటికి?' అని అడిగేది ఎక్కువగా మగవాళ్ళు. కానీ నేను తియ్యగా ఉండమనడం లేదు. కోపం ఉంటే కోపంగానే చెప్పమంటున్నాను, ముసుగు లేకుండా, ఆ మనిషి ఒక్కరికే. మా వారు కరెంటు బిల్లు తేదీ నెలనెలా అడుగుతారు. 'మెసేజ్ పెట్టాను' అని రెండేళ్ళు దెప్పాను, ఏమీ మారలేదు. ఒకరోజు కూర్చోబెట్టి, "ఇది నేను గుర్తుపెట్టుకుని మీకు గుర్తుచేయడం నాకు విసుగ్గా ఉంది, ఇకపై బిల్లు మీదే" అన్నాను. కాస్త గొడవైంది. ఒక నెల ఫైను కట్టాం. తర్వాత నెల నుంచి ఆయనే కడుతున్నారు. రెండేళ్ళ దెప్పిపొడుపు చేయలేని పని ఆ ఒక్క గొడవ చేసింది.

మా అమ్మాయికి కూడా అదే చెప్పాను, వాళ్ళ లీడ్‌కి జవాబు రాసేటప్పుడు. "మీ మెసేజ్ చూశాను, కానీ రెండో పాయింటు అర్థం కాలేదు, అందుకే అడిగాను" అని నిజం రాయమన్నాను. రాసింది. ఆవిడ వెంటనే ఫోను చేసి, ఆ రెండో పాయింటు తానే తప్పు రాశానందట. అందరూ అలా ఒప్పుకుంటారని నేననను.

వదినకి నేను క్షమాపణ చెప్పిన తీరు కూడా అంత గొప్పగా లేదు. కిందటి సంక్రాంతికి రాజమండ్రి వెళ్ళినప్పుడు, వంటింట్లో "అప్పుడు నేను మిమ్మల్ని ముందు రోజే రమ్మనాల్సింది వదినా" అన్నాను. ఆవిడ అరిసెల పాకం కలుపుతూ, "ఉండపాకం వచ్చిందేమో చూడు" అన్నారు. అంతే. నీళ్ళ గిన్నెలో చుక్క వేసి చూశాను, వచ్చింది.

ఈ మధ్య ఒక సాయంత్రం ఆవిడే గ్రూపులో "ఈసారి పండక్కి ఎప్పుడు బయల్దేరుతున్నారు?" అని అడిగారు. అప్పటికి రెండుసార్లు చెప్పాను. వేలు అలవాటుగా 'చెప్పాను క' వరకు వెళ్ళింది. చెరిపేసి, "భోగి ముందు రోజు రాత్రి గౌతమి ఎక్కుతాం వదినా. అరిసెలకి బియ్యం నానబోయడం నేను వచ్చాకే కదూ?" అని రాశాను.

రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. "మీరొచ్చేసరికే అరిసెలు అయిపోతాయి. పైన పెట్టాను కదా, చూడగలరు." చివర దండం.

వేలితో పైకి తోసుకుంటూ వెళ్ళాను. పదకొండు గులాబీల అవతల, ఆదివారం నాడు, నిజంగానే పెట్టారు.